చీటీ పాటలో కనిపించని వడ్డీ

ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. లక్ష రూపాయల చీటీ అంటే ఇంతే. మన ఊళ్లలో దీన్ని అందరూ పొదుపు అనే చెబుతారు కానీ, ఇందులో సగం మంది అప్పు తీసుకునేవాళ్లు. ఏ వడ్డీకి తీసుకుంటున్నారో మాత్రం పాట పాడేటప్పుడు లెక్క వేసుకునేవాళ్లు చాలా తక్కువ.

మూడో నెలలో ఒకాయన 30,000 తగ్గించి పాడుకున్నాడనుకుందాం. చేతికి వచ్చేది 70,000. వదులుకున్న 30,000లో చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 5,000 పోతుంది (2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది, ఇక్కడ 5 అనుకుందాం, జీఎస్టీ పక్కన పెడదాం). మిగిలిన 25,000ను ఇరవై మందికీ పంచితే తలా 1,250 డివిడెండ్. అందుకే ఆ నెల అందరూ 3,750 కడితే చాలు.

చాలా చీటీల్లో మొదటి నెల ఫోర్‌మన్‌దే. ఆయన పాట లేకుండా పూర్తి లక్ష తీసుకుంటాడు. ఆ తర్వాత ఆరో నెల దాకా 30,000, పన్నెండో నెల దాకా 20,000, పద్దెనిమిదో నెల దాకా 12,000 చొప్పున పాట నడిచిందనుకుందాం. చివరి రెండు నెలల్లో పోటీ ఉండదు, కమీషన్ మాత్రమే పోతుంది. అప్పుడు ప్రతి సభ్యుడూ మొత్తం మీద కట్టేది 87,150. ఆఖరి దాకా ఆగినవాడు 95,000 తీసుకుంటాడు. నెలనెలా కట్టిన డబ్బు మీద లెక్కేస్తే ఏడాదికి 11 శాతం పైనే. బాగానే ఉంది.

మరి మూడో నెలలో పాడుకున్నాయన? 70,000 తీసుకుని 87,150 కడుతున్నాడు, తేడా 17,150. డివిడెండ్ కూడా వస్తోంది కదా, ఇది పెద్ద భారమేం కాదనుకుంటాడు. కానీ ఆ 70,000లో 12,500 అప్పటికే ఆయన కట్టిన సొంత డబ్బు. నిజంగా అందిన అప్పు 57,500 మాత్రమే. పదిహేడు నెలల్లో తిరిగి కట్టేది 74,650. అంటే నెలకు నూటికి దాదాపు మూడు రూపాయల వడ్డీ.

ఇంకా ఇబ్బంది ఎక్కడంటే, నెలలు గడిచేకొద్దీ అదే తగ్గింపు మరింత ఖరీదవుతుంది. పదమూడో నెలలో ఎవరికో ఆస్పత్రి ఖర్చు వచ్చిపడి, టెన్షన్‌లో 20,000 దాకా పాడాడనుకోండి. చేతికి 80,000 వస్తుంది. అందులో 53,500 ఆయన కట్టిన డబ్బే. కొత్తగా దొరికింది 26,500, ముందు ఏడు నెలల్లో కట్టాల్సింది 33,250. నెలకు నూటికి ఐదున్నర దాటిన వడ్డీ! బంగారం తాకట్టు పెట్టుకున్నా ఇంతకంటే చవక. ఈ పాట పాడేముందు 'ఎంత తగ్గించాను' అని కాక, 'నేను కట్టింది పోగా ఎంత వస్తోంది, ఇంకా ఎంత కట్టాలి' అని చూసుకోవాలి. రెండు అంకెల లెక్క, కాగితం ముక్క చాలు.

ఇక ఆగినవాళ్ల 11 శాతం ఎవరి మీద ఆధారపడి ఉంది? ముందే డబ్బు ఎత్తుకున్నవాళ్లు కట్టడం మీద. రిజిస్టర్డ్ చీటీకి 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఫోర్‌మన్ చీటీ మొత్తానికి సమానమైన సెక్యూరిటీ పెట్టాలి. ఆ మాట విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. మన లెక్కలో అది లక్ష. పదో నెల చివర్లో ఇంకా పాడుకోని పది మంది తలా 40,750 కట్టి ఉంటారు, కలిపితే నాలుగు లక్షల పైచిలుకు. లక్ష సెక్యూరిటీ దాంట్లో నాలుగో వంతు కూడా కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా చీటీకి లేదు. కాబట్టి అసలు రక్షణ, ఎత్తుకున్నవాళ్ల దగ్గర ఫోర్‌మన్ తీసుకునే జామీనులే. జామీను అడిగి విసిగించే ఫోర్‌మన్‌ను తిట్టుకుంటాం గానీ, అడగకుండా డబ్బిచ్చేవాడే ప్రమాదం.

రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టడమే నేరం. అపార్ట్‌మెంట్‌లోనో, ఆఫీసులోనో నడిచే చీటీలకు ఆ సెక్యూరిటీ కూడా ఉండదు. అలాంటి చోట నడిపే మనిషి కనపడకుండా పోతే చేతిలో మిగిలేది పుస్తకంలో టిక్కులే.

చీటీ చెడుతోందని ముందే తెలుస్తుంది. పాడుకున్నవాళ్లకు డబ్బు ఇవ్వడం వారం, పది రోజులు వాయిదా పడుతూ పోతుంది. 'ఆ సొమ్ము మా దగ్గరే ఉంచండి, వడ్డీ ఇస్తాం' అంటారు, లేదా ఇంకో చీటీలోకి మార్చుకోమంటారు. ఖాళీగా ఉన్న టికెట్లు, అంటే సభ్యులు చేరని వాటాలు, ఎవరి పేరున ఉన్నాయో అడిగితే సూటిగా చెప్పరు. అవి ఫోర్‌మన్ వాళ్లవే అయితే, ఆ టికెట్ల మీద పాడుకునేదీ తర్వాత కట్టాల్సిందీ ఆయనే. అప్పటికి మీరు పాడుకోకపోతే, పాట వివరాలు రాసే మినిట్స్ కాపీ అడిగి తీసుకోండి.