ఛాతీ 39: పద్నాలుగా, పద్దెనిమిదా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా చెల్లెలు గౌను పాటర్న్ కవరు వెనక ఉన్న పట్టికను ఫొటో తీసి పంపింది. 14 నుంచి 22 వరకు సైజులన్నీ ఒకే కవరులో ఉన్నాయి. చంకల కింద పై ఛాతీ 36, నిండు ఛాతీ 39, నడుము 32, సీటు 42 అంగుళాలు. ఏ సైజు కత్తిరించాలి?

అత్తయ్య: ఇందులో ఆలోచించడానికి ఏముంది? 18 కింద చూడు: ఛాతీ 40, నడుము 32, సీటు 42. రెండు కొలతలు అచ్చంగా కుదిరాయి, ఛాతీకి అంగుళం వదులు కూడా మిగిలింది.

కోడలు: పట్టికలోవి ఒంటి కొలతలు అత్తయ్యా, వదులు పాటర్న్‌లోనే కలిపి ఉంటుంది. అయినా నా భయమంతా భుజం గురించే. పై ఛాతీకీ నిండు ఛాతీకీ రెండంగుళాల తేడా ఉన్న ఒంటికి ఇవి గీస్తారు. ఈవిడకు మూడు. అంటే ఎముకల కట్టు సన్నం, ముందు భాగమే నిండు. 18 తీసుకుంటే మెడ, భుజాలు, వీపు అన్నీ పెద్దవైపోతాయి. నైటీ అయితే ఒప్పుకునేదాన్నే. ఈ గౌనుకు మాత్రం 36నే ఛాతీగా తీసుకుని 14 కత్తిరించాలి.

అత్తయ్య: 14కు నడుము 26 అని ఉంది! ఆరంగుళాలు ఎక్కడి నుంచి తెస్తావు?

కోడలు: కవరు మడత సరిగ్గా ఆ అంకె మీద పడింది. 8 పైభాగం చెరిగి 6లా కనబడుతోంది. సెంటీమీటర్ల వరుసలో 71 ఉంది చూడండి, 2.54తో భాగిస్తే 28 వస్తుంది. 26 అయితే అక్కడ 66 ఉండాలి.

అత్తయ్య: సరే, నాలుగు తక్కువ. ముప్పయ్యేళ్లుగా పెద్దది కత్తిరించి పక్కలు లోపలికి కుడుతున్నాను. నా రవికలూ అంతే.

కోడలు: పక్కలు తీస్తే నడుము తగ్గుతుంది, భుజం జారడం ఆగదు. మీ నీలం రవికకు ఎడమ భుజం మీద పిన్ను పెట్టుకునేది అందుకే కదా? 14 ముందు ముక్కను ఛాతీ మొన మీదుగా కోసి, ఒక్కో సగాన్ని ఒకటిన్నర అంగుళం ఎడం చేస్తే మూడు పెరుగుతాయి. ఆ ఎడం నడుము దాకా దిగుతుంది కాబట్టి 28 కాస్తా 31 అవుతుంది. మిగిలిన అంగుళం పక్క కుట్టుల దగ్గర నాలుగు అంచులకూ పావు చొప్పున. నడుము కుట్టు ఉన్న గౌను కనుక కింది పావడా 18 గీత మీదే.

అత్తయ్య: ఆగు. పైన ముందు మూడున్నర పెరిగింది, వెనక అరే పెరిగింది. పావడా ముందూ వెనకా సమానంగా రెండేసి పెరిగింది. పక్క కుట్లు ఎక్కడ కలుస్తాయి?

కోడలు: నిజమే... ఒక్కో పక్క ముప్పావు అంగుళం తప్పుతాయి. ముందు డార్టులు లోతు చేసి, వెనక డార్టులు అంత మేర వదలాలి.

అత్తయ్య: ఈవిడ ఒంటికి ఆ నడుము ముందుందో వెనకుందో నీకెలా తెలుసు? పక్క నుంచి పక్కకు ముందు నడుము ఒక్కటే కొలిచి పంపమను. పదహారు వస్తేనే డార్టులు ముట్టుకో. పదిహేడున్నర వస్తే పావడానే మార్చాలి.