ఒక లెడ్జరు, మూడు విన్నపాలు

విశాఖపట్నంలో ఉద్యోగం వెతుక్కునే పట్టభద్రులు ఒకే వారంలో రుషికొండ మీది స్టార్టప్‌కూ, ద్వారకానగర్‌లోని ప్రైవేటు బ్యాంకుకూ, మహారాణిపేటలోని ప్రభుత్వ కార్యాలయానికీ దరఖాస్తు చేసుకోవడం ఎంతమాత్రం నేరం కాదు. మూడింటికీ ఒకే కవర్ లెటర్ పంపడం మాత్రం శిక్షార్హమే, శిక్ష ఏమిటంటే జవాబు రాకపోవడం. రెగ్యులర్ ప్రభుత్వ పోస్టులకు సర్వీస్ కమిషన్ పరీక్ష, చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులకు ఐబీపీఎస్ పరీక్ష ఉన్నాయి కాబట్టి అక్కడ మన వచన రచనతో ఎవరికీ పని లేదు. నా విచారణ ప్రైవేటు బ్యాంకులకూ, కాంట్రాక్టు పోస్టులకూ, స్టార్టప్‌లకూ పరిమితం.

ఉదాహరణకు గాజువాకలో ఒక బీకాం అమ్మాయిని ఊహించుకుందాం. పోర్టు పనులు చూసే ఒక ఏజెంటు కార్యాలయంలో రెండేళ్లు లెక్కలు రాసింది. అక్కడ క్యాష్ బుక్కునూ బ్యాంకు స్టేట్‌మెంటునూ నెలాఖరున సరిచూసేవారు. జమ చేసినా ఇంకా పాస్ కాని చెక్కులు, బ్యాంకు కోసుకున్నా పుస్తకానికెక్కని ఛార్జీలు వెతికేసరికి ఎనిమిది రోజులు పట్టేది. ఈమె ప్రతి సాయంత్రం ఆ రోజు తేడాలు ఆ రోజే తేల్చడం మొదలుపెట్టడంతో నెలాఖరు పని రెండు రోజులకు దిగింది. చేసింది ఇంతే. దీనిని మూడు విధాలుగా చెప్పుకోవాలి.

స్టార్టప్‌కు రాసే లేఖలో ఆమె వీరనారి. “ఎవరూ చెప్పలేదు, నేనే మొదలుపెట్టాను, ఎనిమిది రోజుల పని రెండు రోజులకు దించాను” అని మొదటి వాక్యంలోనే ప్రకటించాలి. తరువాత వారి బిల్లింగ్ యాప్‌ను వాడి చూసి, సరుకు వాపసు వచ్చినప్పుడు క్రెడిట్ నోట్ ఎక్కడ తప్పుతోందో చెప్పాలి. ఇంటికొచ్చిన అతిథి గోడ బీటలు చూపించినా సంతోషించే గృహస్థులు లోకంలో వీరొక్కరే. వ్యవస్థాపకుణ్ణి “గారు” తగిలించకుండా పేరు పెట్టి పిలవాలి. ఇక్కడే మన పిల్లల చేయి వణుకుతుంది. “విధేయురాలు” అని సంతకం చేస్తే, ఈమెకు రోజూ పని చెప్పే మనిషిని వేరే పెట్టుకోవాలేమోనని వారు భయపడతారు.

అదే “ఎవరూ చెప్పలేదు” అనే మాట బ్యాంకు హెచ్‌ఆర్ అధికారి కంటబడితే మరో రకం భయం పుడుతుంది. ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించాలనే మేకర్–చెకర్ పద్ధతి మీద నిలిచిన సంస్థలో, ఎవరూ చెప్పకుండా లెడ్జరు ముట్టుకున్న మనిషి ప్రతిభావంతురాలు కాదు, ఆడిట్ అభ్యంతరం. కాబట్టి ఆమె ఇలా రాస్తుంది: “మేనేజరు గారి ఆమోదంతో రోజువారీ సరిచూపు విధానాన్ని అమలు చేశాను, తేడాలను రిజిస్టరులో నమోదు చేసి, ప్రతి సవరణకూ వారి సంతకం తీసుకున్నాను, తత్ఫలితంగా సమయం కూడా ఆదా అయింది.” వేగం చివర, సంకోచంగా వచ్చిందని గమనించాలి. ఇదంతా నిజమై ఉండాలనేది మరువరాదు, ఎందుకంటే వెనుక విచారణలో పాత యజమానికి ఫోన్ వెళ్తుంది. ఉద్యోగాల మధ్య నాలుగు నెలల ఖాళీ ఉంటే స్టార్టప్ దానిని అడగకపోవచ్చు; బ్యాంకుకు తేదీలతో సహా కారణం ముందే చెప్పడం మేలు.

ఇక ప్రభుత్వ కార్యాలయం. ఇక్కడ ఆమె సాధించినది ఏమీ లేదు, ఆమె సమర్పించుకుంటున్నవి మాత్రమే ఉన్నాయి. “విషయం” అని ఒక వరుస, “సూచిక” అని నోటిఫికేషన్ సంఖ్య, తేదీలతో ఇంకొక వరుస, ఆపైన “ఆర్యా”, ఆపైన తాను ఫలానా పోస్టుకు దరఖాస్తు చేసుకుంటున్నట్లు సవినయంగా మనవి చేసుకునే ఒకే ఒక్క సుదీర్ఘ వాక్యం. ఎనిమిది రోజులు రెండైన మహత్కార్యం లేఖలో ఎక్కడా కనిపించదు. “జతపరచినవి” కింద పదో తరగతి మార్కుల జాబితా, డిగ్రీ పట్టా, కుల ధ్రువీకరణ పత్రం దాటాక, అనుభవ ధ్రువపత్రం అనే పేరుతో అది తల దాచుకుంటుంది. దీనిని చిన్నచూపు చూడరాదు. తపాలు విభాగంలో లేఖ తెరిచే గుమాస్తాకు అభ్యర్థిని ఎంపిక చేసే అధికారం లేదు; ఏ నోటిఫికేషన్ ఫైలులో పెట్టాలో, పత్రాలన్నీ ఉన్నాయో లేవో చూడటమే ఆయన పని. సూచిక లేని వీరగాథ ఏ ఫైలుకూ చెందదు. స్వీయ ధ్రువీకరణ సంతకం లేని నకలు ఒక్కటున్నా, వీరనారి తిరస్కృతుల జాబితాలో తేలవచ్చు.

జీతం ప్రస్తావన దగ్గర కూడా మూడు మర్యాదలున్నాయి. స్టార్టప్‌లో అంకెను ముఖాముఖికి వాయిదా వేసి, షేర్ల గురించి ఆసక్తి నటించాలి. బ్యాంకులో “సంస్థ నిబంధనల మేరకు” అనాలి. ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టులో గౌరవ వేతనం నోటిఫికేషన్‌లోనే అచ్చయి ఉంటుంది గనుక లేఖలో దాని ఊసే ఎత్తకూడదు. అది ఏ నెలది ఏ నెలలో వస్తుందన్న ప్రశ్నను చేరిన తరువాత, విషయం, సూచికలతో సహా, మరొక విన్నపంగా రాసుకోవచ్చు.