ఓటీపీ రాకుండానే పోయిన ఛానల్

పర్లాకిమిడిలో మా బంధువుల అబ్బాయి ఒకడు మహేంద్రగిరి దారుల మీద, చుట్టుపక్కల తెలుగు పల్లెల పండుగల మీద వీడియోలు చేస్తాడు. ఒక రాత్రి అతని యూట్యూబ్ ఛానల్ పేరు మారిపోయింది, వీడియోలన్నీ మాయమై క్రిప్టో ప్రకటన ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. తెల్లవారుజామున ఫోన్ చేసి అతను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "బాబాయ్, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాను కదా, ఒక్క ఓటీపీ కూడా రాలేదు. ఎలా పోయింది?"

జరిగింది వినగానే జవాబు దొరికింది. ఏదో కంపెనీ ప్రచారం చేయమంటూ వారం రోజులు మర్యాదగా మెయిళ్లు రాసింది. చివరకు ఒప్పంద పత్రమని గూగుల్ డ్రైవ్ లింకు పంపింది. జిప్ ఫైలు, దానికో పాస్‌వర్డు. ఫోనులో తెరుచుకోకపోవడంతో బరంపురంలో తన వీడియోలు ఎడిట్ చేసే మిత్రుడికి పంపాడు. ఆ కంప్యూటర్‌లో ఛానల్ ఖాతా ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది. ఫైలు గుర్తు పీడీఎఫ్‌లాగే ఉంది, నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. ఇద్దరూ పాడైన ఫైలనుకున్నారు.

ఆ ఫైలు అసలు పేరు చివర .scr ఉంది. విండోస్ మామూలుగా ఈ చివరి అక్షరాలను దాచేస్తుంది కాబట్టి వాళ్లకు కనబడలేదు. అది పత్రం కాదు, నడిచే ప్రోగ్రాం. జిప్‌కు పాస్‌వర్డు పెట్టేది లోపలున్నది వైరస్ తనిఖీకి అందకుండా ఉండేందుకే. ఫైలును వంద ఎంబీ దాటేలా ఉబ్బించడం కూడా ఇలాంటి ఎత్తే, అంత పెద్ద ఫైళ్లను డ్రైవ్ వైరస్ కోసం పరీక్షించదు.

ఇక ఓటీపీ సంగతి. మనం ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతిసారీ పాస్‌వర్డు అడగకుండా బ్రౌజరు ఒక కుకీని దాచుకుంటుంది. గుడిలో ఒకసారి టికెట్ చూపించాక చేతికి కట్టే పట్టీ లాంటిదది. దొంగ ప్రోగ్రాం ఆ పట్టీని, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను కలిపి ఎత్తుకుపోయింది. గూగుల్ దృష్టిలో దొంగ అప్పటికే లోపలికి వచ్చిన మనిషి, కొత్తగా ఓటీపీ అడగవలసిన పని లేదు. 2023 మార్చిలో కోటిన్నరకు పైగా చందాదారులున్న లైనస్ టెక్ టిప్స్ ఛానల్ సరిగ్గా ఇలాగే పోయింది. కంప్యూటర్ల గురించే చెప్పే వాళ్లు వాళ్లు.

రెండంచెల ధ్రువీకరణ వృథా అని దీనికి అర్థం కాదు. పాస్‌వర్డు దొంగిలించి కొత్త చోట నుంచి లాగిన్ కాబోయేవాణ్ణి అది ఆపుతుంది. అయితే అందులోనూ ఎస్సెమ్మెస్ ఓటీపీ బలహీనమైనది. నకిలీ లాగిన్ పేజీలో మనం కొట్టిన అంకెలను దొంగ అదే నిమిషంలో అసలు పేజీలో కొట్టగలడు. పాస్‌వర్డుకు బదులు ఫోను వేలిముద్రతోనో లాక్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ అసలు చిరునామాలో తప్ప పనిచేయదు కాబట్టి ఆ మోసం సాగదు. కొండల్లో సిగ్నల్ లేనిచోట ఎస్సెమ్మెస్ రాకపోయినా అథెంటికేటర్ యాప్ అంకెలు చూపిస్తుంది, మన ప్రాంతానికి అదీ మేలు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తరువాతి భాగం. ఖాతాను వెనక్కి రప్పించడానికి కూర్చుంటే, రికవరీ నంబరుగా ఉన్నది సరిహద్దు అవతల పాతపట్నంలో తీసుకున్న పాత సిమ్. ఒడిశా సిమ్ తీసుకున్నాక దాన్ని రీచార్జ్ చేయలేదు. ఇలా రెండు సిమ్‌లు, అందులో ఒకటి మూలన పడి ఉండటం మన సరిహద్దు ఇళ్లలో మామూలే. వాడకం ఆగి 90 రోజులైతే నంబరు రద్దు కావచ్చు, మరో 90 రోజుల గడువు దాటాక అది వేరొకరికి వెళ్లవచ్చు. దొంగ రికవరీ వివరాలు మార్చినా, పాత నంబరుకో పాత మెయిల్‌కో కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ 7 రోజుల వరకు ఇవ్వవచ్చు. మన దగ్గర ఆ నంబరే బతికి లేదు. అదృష్టవశాత్తు రికవరీ మెయిల్‌గా తన అక్క చిరునామా ఇచ్చి ఉన్నాడు. నాలుగో రోజున కోడ్ అక్కడికి వచ్చింది.

ఖాతా చేతికి రాగానే చేసిన పనుల వరుస కూడా ముఖ్యమే. అన్నీ శుభ్రమైన ఫోను నుంచే చేశాం. ముందు పాస్‌వర్డు మార్చి, myaccount.google.com లో పరికరాల జాబితా తెరిచి ప్రతి లాగిన్‌నూ తెంచేశాం. పట్టీ చెల్లకుండా పోయేది అప్పుడే. తరువాత దొంగ చేర్చిన నంబరును, మెయిల్‌ను తీసేశాం. ఫోను చేతిలో లేనప్పుడు లాగిన్‌కు పనికొచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కొత్తగా తీసి కాగితం మీద రాసి, బీరువాలో భూమి పత్రాల పక్కన పెట్టించాను. బరంపురం కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించే దాకా దాంట్లో ఏ ఖాతా తెరవనివ్వలేదు.

ఇప్పుడు ఆ మిత్రుడి దగ్గర ఛానల్ పాస్‌వర్డు లేదు. యూట్యూబ్ స్టూడియోలో అనుమతుల విభాగం నుంచి అతని సొంత మెయిల్‌కు ఎడిటర్ హోదా మాత్రమే ఇచ్చాం. వీడియోలు ఎక్కిస్తాడు, సరిదిద్దుతాడు, కానీ ఛానల్‌ను తొలగించలేడు. రేపు అతని కుకీ పోయినా దొంగకు దక్కేది అంతవరకే.