బ్యాలెన్స్ లేని సెలవును ఎలా అడగాలి: ఒక ఫార్వర్డ్‌కు జవాబు

"అన్‌లిమిటెడ్ లీవ్ ఉన్న స్టార్టప్‌లో చేరారా? ఈ ఐదూ గుర్తుంచుకోండి. 1) బ్యాలెన్స్ లేదు కాబట్టి లీవ్ అడగక్కర్లేదు, చెప్పేస్తే చాలు. 2) సోమవారం, శుక్రవారం ఎప్పుడూ పెట్టకండి. 3) గట్టి కారణం ఉంటేనే పెట్టండి. పెళ్లి, హాస్పిటల్ అంటే ఎవరూ కాదనరు. 4) లెక్క లేని చోట చట్టం కూడా వర్తించదు, మానేసేటప్పుడు లీవ్ డబ్బుల సంగతి మర్చిపోండి. 5) ఏదేమైనా పాత కంపెనీల లీవ్ కంటే ఇదే నయం. అందరికీ పంపండి."

ఈ నెలలో నాలుగు గ్రూపుల నుంచి ఈ సందేశం నాకు చేరింది. మూడుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. నాలుగోసారి పంపినవాడు మా పిన్ని కొడుకు. వాడు వచ్చే సోమవారమే మాదాపూర్‌లోని ఒక స్టార్టప్‌లో చేరబోతున్నాడు కాబట్టి ఇక ఊరుకోలేకపోయాను. ఏడాదికి ఇన్ని రోజులని లెక్క పెట్టని ఇటువంటి సెలవు విధానమే ఉన్న ఒక సంస్థలో నేను మూడున్నరేళ్లు పనిచేశాను. చివరి ఏడాదిన్నర ఎనిమిది మందికి సెలవులు మంజూరు చేసే బాధ్యత కూడా నాదే. కనుక రెండు వైపుల నుంచీ చూసిన సంగతే రాస్తున్నాను.

రెండో సూత్రాన్ని ముందుగా పక్కన పెట్టేద్దాం. వారాంతానికి ఆనించి సెలవు పెట్టడం తప్పైతే, సంక్రాంతికి విజయవాడ దారి పట్టే హైదరాబాదంతా తప్పు చేస్తున్నట్టే.

మొదటి సూత్రం రాసినవారు ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే విధాన పత్రాన్ని చివరి వరకు చదివినట్టు లేదు. నేను చూసిన ప్రతి పత్రంలోనూ "మేనేజర్ ఆమోదంతో", "పని అవసరాలకు లోబడి" అనే మాటలు ఉన్నాయి. పరిమితిని తీసేసింది రోజుల సంఖ్యకే తప్ప ఆమోదానికి కాదు. పైగా సంఖ్య పోవడం వల్ల ఆమోదం బరువు పెరుగుతుంది. ఖాతాలో పన్నెండు రోజులు కనిపిస్తున్నప్పుడు మేనేజర్ ఆలోచించవలసింది "ఎప్పుడు" అన్న ఒక్క ప్రశ్న గురించే. ఖాతాయే లేనప్పుడు "ఎన్ని", "ఎందుకు" అనే రెండు ప్రశ్నలు కూడా అతని చేతికి వస్తాయి, వాటికి జవాబు చెప్పడానికి అతని దగ్గర ఏ కొలతా ఉండదు. మా బృందంలో ఒకతను ఉదయపు స్టాండప్ సమావేశంలో "వచ్చే వారం ఉండను" అని నోటిమాటగా చెప్పి వెళ్లాడు. ఆ వారంలోనే రిలీజ్ తేదీ ముందుకు జరిగింది, ఎప్పుడు పిలిచినా పలకవలసిన ఆన్‌కాల్ వంతు అతని పేరు మీదే ఉండిపోయింది. ఆరు నెలల తర్వాత అతని అప్రైజల్‌లో "అందుబాటులో ఉండడు" అన్న వాక్యం కనిపించింది. తాను ముందే చెప్పానని చూపించుకోవడానికి అతని దగ్గర ఒక్క ముక్క రాతా లేదు.

ఇక మూడో సూత్రం. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఇదే.

మంజూరు చేసే చోట నేను కూర్చున్నప్పుడు నా ముందు ఉండవలసిన సంఖ్య లేదు కాబట్టి, నాకు తెలియకుండానే నేను కారణాలను తూచడం మొదలుపెట్టాను. పెళ్లి అంటే ఐదు రోజులు, ఆపరేషన్ అంటే అడిగినన్ని, ఊరికే అంటే రెండు రోజులు అని నా మనసులోనే ఒక పట్టిక తయారైంది. ఏడాది చివర సరదాకు లెక్క తీసి చూస్తే, ఆ ఏడాది ఇంట్లో రెండు పెళ్లిళ్లు, తండ్రికి మోకాలి శస్త్రచికిత్స పడిన ఒకతను ఇరవై ఒక్క రోజులు తీసుకున్నాడు. అతనికి ఆ రోజులు అవసరమే, అందులో ఆక్షేపణ లేదు. అతని పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి అదే పని అంతే బాగా చేసి ఆరు రోజులు తీసుకుంది. నేను ఎవరికీ ఒక్కసారి కూడా సెలవు కాదనలేదని అప్పటిదాకా గొప్పగా చెప్పుకునేవాడిని. ఆ అమ్మాయి అడగనే లేదు. చెప్పుకోదగ్గ కారణం దొరకలేదట.

కుటుంబంలో ఎవరూ మంచం పట్టని, ఎవరి మెడలోనూ మూడు ముళ్లు పడని సంవత్సరంలో ఈ సూత్రం ప్రకారం ఉద్యోగి ఏం చేయాలో ఆ సందేశం చెప్పదు. బహుశా తోడల్లుడి మేనమామ గృహప్రవేశం కోసం ఎదురుచూడాలి కాబోలు. లేదా బంధువుల ఆరోగ్యాన్ని రిలీజ్ ప్రణాళికకు అనుగుణంగా సర్దుకోవాలి కాబోలు. హాస్యం అటుంచితే, కారణమే నాణెంగా చెల్లే చోట చెప్పకూడని సంగతులు కూడా బయటపెట్టక తప్పదు. సంతానం కోసం చికిత్స చేయించుకుంటున్న ఒకామె నెలకు రెండు రోజుల సెలవు కోసం ఆ సంగతిని స్లాక్‌లో నాకు రాయవలసి వచ్చింది. నేను అడగలేదు. కానీ అడగవలసిన అవసరం లేకుండా ఆ వాతావరణం నా తరఫున అడిగేసింది.

చేయవలసింది దీనికి పూర్తిగా తిరుగు పని. కారణం చెప్పడం మానేసి, సంస్థ తీసేసిన సంఖ్యను మీరే తిరిగి తెచ్చి అభ్యర్థనలో పెట్టాలి. రెండో ఏడాది ఆ అమ్మాయి నాకు పంపిన మెయిల్ దాదాపు ఇలా ఉంది: "ఫిబ్రవరి 9 సోమవారం నుంచి 13 శుక్రవారం వరకు ఐదు రోజులు ఆర్జిత సెలవు కోరుతున్నాను. ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు తీసుకున్నవి ఆరు, వీటితో కలిపి పదకొండు అవుతాయి. ఆ వారం ఆన్‌కాల్ ఫలానావారు చూస్తారు, వారు ఒప్పుకున్నారు. జనవరి 23లోగా మీ జవాబు తెలియజేస్తే టికెట్లు తీసుకుంటాను." మెయిల్ నెల రోజుల ముందే వచ్చింది. "ఏమైనా విశేషమా?" అని అలవాటు కొద్దీ అడిగాను. "విశేషమేమీ లేదండీ, పదకొండు రోజులే కదా" అంది. ఇక నాకు తూచడానికి ఏమీ మిగలలేదు. ఏడాది మొత్తం మీద పదకొండు ఎక్కువ అని నోరు తెరిచి అనాలి, లేదా ఆమోదించాలి. ఆమోదించాను.

సంఖ్య లేకపోవడం మేలు చేస్తుందన్న భ్రమ విధానాన్ని ముచ్చటపడి పెట్టుకున్న సంస్థలకే నిలవలేదు. అమెరికాలో కిక్‌స్టార్టర్ 2015లో అపరిమిత సెలవులను రద్దు చేసి ఏడాదికి 25 రోజులని నిర్ణయించింది. ఎన్ని రోజులు తీసుకుంటే సబబు అన్న సందేహానికి తావు లేకుండా చేయడమే ఆ మార్పు ఉద్దేశమని అప్పుడు చెప్పింది.

నాలుగో సూత్రం శుద్ధ అబద్ధం. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు ఇచ్చిన మినహాయింపులు పని వేళలు, మహిళల రాత్రి షిఫ్టుల వంటి అంశాలకు సంబంధించినవి, వేతన సెలవుకు కాదు. ఆ చట్టం ప్రకారం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవారికి ఆ తర్వాతి ఏడాది 15 రోజుల వేతన సెలవు, అంటే ఆర్జిత సెలవు, వస్తుంది, వాడుకోనిది 60 రోజుల వరకు పోగవుతుంది, ఏటా 8 రోజులను డబ్బుగా మార్చుకునే వీలుంది. ఇవి కాక అనారోగ్యానికి 12, సహేతుకమైన ఏ కారణానికైనా 12 రోజుల క్యాజువల్ సెలవు వేరుగా ఉన్నాయి. మొత్తం ముప్ఫై తొమ్మిది. "అపరిమితం" కింద ఆ అమ్మాయి తీసుకున్నది ఆరు. సంస్థ వ్యవహారాలపై అదుపు ఉన్న నిర్వాహక స్థాయి వారికి ఈ చట్టం వర్తించదు, కానీ కోడ్ రాసే ఉద్యోగికి "లీడ్" అని పేరు పెట్టినంత మాత్రాన అతను నిర్వాహకుడైపోడు.

అసలు చిక్కు రకాల దగ్గర వస్తుంది. మూడేళ్లు పనిచేసిన ఒకతను మొత్తం ఇరవై ఏడు రోజులు తీసుకున్నాడనుకుందాం: జ్వరాలకు ఏడు, చిన్న పనులకు పదకొండు, ఊరికి వెళ్లడానికి తొమ్మిది. అతను ఆర్జించినవి 45. సెలవులకు రకాలే లేని సంస్థ లెక్క తేల్చవలసి వస్తే ఇరవై ఏడింటినీ ఆర్జిత సెలవులోంచే కోసి, పద్దెనిమిది మిగిలాయంటుంది. జ్వరాన్ని జ్వరం ఖాతాలో, క్యాజువల్‌ను దాని ఖాతాలో వేస్తే మిగిలేవి ముప్ఫై ఆరు. రోజు వేతనం 3,000 రూపాయలైతే తేడా 54,000. అందుకే ఆ మెయిల్‌లో "ఆర్జిత సెలవు" అన్న మాట ఉండాలి, జ్వరం వచ్చిన రోజున "అనారోగ్య సెలవు" అన్న మాట ఉండాలి. అది కారణం చెప్పడం కాదు, ఖాతా పేరు చెప్పడం.

అయితే పోగైనవన్నీ రాజీనామా రోజున వాటంతటవే డబ్బుగా మారవు. యజమాని తొలగించినా, లేదా ఉద్యోగి సెలవు కోరి, అది నిరాకరించబడి, ఆ తర్వాత మానేసినా, ఆ సెలవుకు వేతనం చెల్లించాలని చట్టం చెబుతుంది. కోరినట్టు, కాదన్నట్టు రాతలో ఉండాలన్నమాట. "చెప్పేస్తే చాలు" అన్న మహానుభావుడు నాలుగో సూత్రానికి వచ్చేసరికి డబ్బుల సంగతి మర్చిపొమ్మనడంలో ఆశ్చర్యమేముంది? ఆయన పద్ధతిలో నడిస్తే మర్చిపోక తప్పదు.

ఇదే సందేశాన్ని నాకు శాన్ హోసే నుంచి కూడా ఒక మిత్రుడు పంపాడు. అక్కడి చట్టం వేరు, అయినా ఈ సూత్రం అక్కడా నిలవదు. పేరుకు హద్దు లేకపోయినా ఆచరణలో హద్దు ఉన్న విధానం కింద పనిచేసినవారికి, వాడుకోని సెలవు డబ్బు చెల్లించవలసిందేనని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2020లో ఒక కేసులో తేల్చింది. నిజంగా అపరిమితమైన ప్రతి విధానానికీ ఇది వర్తిస్తుందని మాత్రం ఆ కోర్టు అనలేదు.

ఐదో సూత్రాన్ని కూడా చీల్చి చెండాడాలనే మొదలుపెట్టాను గానీ, న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. నేను చెప్పిన చట్టంలో 240 రోజులు నిండేదాకా ఆర్జిత సెలవు లేదు. మా సంస్థలో ఒక కుర్రాడు చేరిన రెండో నెలలోనే వాళ్ల నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. అతను పద్దెనిమిది రోజులు ఊళ్లో ఉన్నాడు, జీతంలో ఒక్క రూపాయి తెగలేదు. అంతకుముందు నేను పనిచేసిన పెద్ద కంపెనీలో అయితే అందులో సగానికి పైగా లాస్ ఆఫ్ పే పడేది. ఆ ఒక్క విషయంలో ఈ సందేశం చెప్పింది నిజం. అదే కుర్రాడు మరుసటి ఏడాది వేరే బృందానికి మారి, కొత్త మేనేజర్‌ను పది రోజులు అడిగితే నాలుగే దొరికాయి. విధాన పత్రంలో ఒక్క అక్షరం కూడా మారలేదు.