కథ చెప్పకుండా నవలను పరిచయం చేయడం కుదరదు

"తొలి నవల రాసినవాళ్లు ఆవిష్కరణ సభలో కథ జోలికి పోకూడదు. ఒక్క ముక్క చెప్పినా సస్పెన్స్ పోతుంది, ఇక ఎవరూ చదవరు. 'నాకేం రాదండీ, ఏదో రాశాను' అని వినయంగా అనేసి, అందరికీ థాంక్స్ చెప్పి, 'చివర్లో ఊహించని మలుపు ఉంది, చదివి తెలుసుకోండి' అని ఊరించి కూర్చుంటే చాలు." తొలి నవల రాసినవాళ్లకు వినిపించే సలహా ఇది. నేను దీన్ని ఒప్పుకోను.

సభకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ నవలను ఇంకా తెరిచి ఉండరు. తొలి నవల కాబట్టి రచయిత పేరు విని కొనే అలవాటు కూడా వాళ్లకు ఉండదు. ఇది ఎవరి కథ, ఆ మనిషికి వచ్చిన ఇబ్బంది ఏమిటి అన్నది తెలిస్తేనే పుస్తకం చేతిలోకి తీసుకుంటారు. ఒక ప్రశ్న మనసులో పడ్డాకే కదా దాని జవాబు కోసం వెతుకుతాం! నవల అడిగే ప్రశ్న చెబితే కథ పాడు కాదు. దానికి నవల ఇచ్చే జవాబు చెబితేనే పాడవుతుంది. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పేజీ నంబరుతో సహా రచయితకు తెలిసి ఉండాలి.

ఒక ఊహాత్మక నవల తీసుకుందాం. మూడు వందల పేజీలు. నది మీద వంతెన కడుతున్నారు. అక్కడ కొలతలు తీసే ఉద్యోగం ఒక అమ్మాయికి వచ్చింది. ఆమె తండ్రి అదే రేవులో పడవ నడుపుతాడు. వంతెన పూర్తయిన రోజున ఆయన పని ఆగిపోతుంది. ఇదంతా 30వ పేజీకల్లా పాఠకుడికి తెలిసిపోతుంది. 110వ పేజీలో ఒక స్తంభం కొలతల్లో తప్పు ఉందని ఆమె కనిపెడుతుంది. 240వ పేజీలో ఆ తప్పు గురించి తండ్రికి ముందే తెలుసని బయటపడుతుంది.

ఈ నవలకు గీత 30వ పేజీ దగ్గర పడుతుంది. అక్కడిదాకా ఉన్నదంతా ధైర్యంగా చెప్పొచ్చు. కొలతల్లో తప్పు గురించి చెప్పడానికి నోరు ఊరుతుంది, ఎందుకంటే కథలో వేడి పుట్టేది అక్కడే. కానీ అది చెబితే పాఠకుడు మొదటి వంద పేజీలూ ఆ తప్పు ఎప్పుడు బయటపడుతుందా అని ఎదురుచూస్తూ చదువుతాడు. ఆ పేజీల్లో తండ్రీకూతుళ్ల మధ్య రచయిత నెమ్మదిగా పేర్చిన మాటలు అతని కంటికి ఆనవు. గీత వెనకే ఉండి చెప్పిన పరిచయం ఇలా ఉంటుంది:

"ఈ నవలలో ఒక అమ్మాయి వంతెన పనిలో చేరుతుంది. పొద్దున్నే ఆ పనికి వెళ్లడానికి వాళ్ల నాన్న పడవే ఎక్కుతుంది. వంతెన ఎంతవరకు వచ్చిందని ఆయన రోజూ అడుగుతాడు. ఆమె రోజూ నిజమే చెబుతుంది. ఇంటికి అన్నం పెట్టిన పనిని ఆపేసే పనిలో తాను మనసు పెట్టి పనిచేయగలదా అన్న ప్రశ్నతో నేను ఈ కథ మొదలుపెట్టాను."

కథ చెప్పాడు, అయినా ఏదీ బయటపడలేదు. గొప్పలూ లేవు.

కథ ముందే తెలిస్తే చదవడంలో ఆనందం పోతుందన్న మాట కూడా అంత తేలిగ్గా తేలేది కాదు. 2011లో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కథానికల మీద చేసిన ప్రయోగంలో, ముగింపు ముందే తెలిసినవాళ్లు ఆ కథలను కాస్త ఎక్కువగానే ఇష్టపడ్డారు. తర్వాత వేరే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో దీనికి విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి. కాబట్టి ముగింపు చెప్పేయండి అని నేను అనను. పైగా అవి కథానికలు, మనం మాట్లాడుతున్నది నవల గురించి. కానీ ఒక్క ముక్క చెబితే ఇక ఎవరూ చదవరు అనడానికి మాత్రం ఆధారం లేదు.

మలుపు ఉందని ఊరించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మలుపు ఏమిటో చెప్పకపోయినా, ఉందని చెప్పడమే కథలో సగం చెప్పేయడం. ఆ మాట విన్న పాఠకుడు మొదటి పేజీ నుంచీ ప్రతి పాత్రనూ అనుమానిస్తాడు. మన వంతెన నవలలో అనుమానించడానికి ఉన్నదే ఇద్దరు ముగ్గురు. 60వ పేజీకే తండ్రి మీద కన్ను వేస్తాడు. 240వ పేజీలో కలగాల్సిన దిగ్భ్రమ కాస్తా 'నేను ముందే అనుకున్నా' అన్న తృప్తిగా మారిపోతుంది. పైగా "ఊహించలేరు" అనడం రచయిత తన పనికి తానే మార్కులు వేసుకోవడం. కథను బయటపెట్టడం, గొప్పలు చెప్పుకోవడం రెండూ ఆ ఒక్క వాక్యంలోనే జరిగిపోతాయి.

చిన్న చిన్న మాటలు కూడా గుట్టు విప్పుతాయి. "పాపం, ఆ తండ్రి" అంటే ఆయనకు ఏదో జరుగుతుందని అర్థమైపోతుంది. "పైకి మంచివాడిలా కనిపించే కాంట్రాక్టర్" అంటే ఇక చెప్పాల్సింది లేదు. పాత్రను పని చేత, మాట చేత పరిచయం చేయాలి. దాని మీద మన తీర్పు కలపకూడదు.

"నాకేం రాదు" అనే మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. అది విన్నవాళ్లు 'అయ్యో, అలా అనకండి' అని ఓదార్చాలి, లేదా ఆ మాటే నమ్మి పుస్తకం పక్కన పెట్టాలి. రెండిట్లో ఏది జరిగినా దృష్టి కథ మీద నుంచి రచయిత మీదకు మళ్లుతుంది. గొప్పలు చెప్పినప్పుడు జరిగేదీ అదే. రెండు చోట్లా రచయిత చేస్తున్నది తన మీద తాను తీర్పు చెప్పుకోవడం. దాని బదులు జరిగినది చెప్పాలి. "ఎవరూ తాకని జీవితాన్ని తాకాను" అనే చోట "పడవ నడిపేవాళ్లు నీటి లోతును ఎలా పసిగడతారో వాళ్లతో కూర్చుని తెలుసుకున్నాను" అంటే చాలు. విన్నవాళ్లు తమ అంచనాకు తామే వస్తారు. పడిన కష్టాల జాబితా, మెచ్చుకున్న పెద్దల పేర్లు కూడా గొప్పల కిందకే వస్తాయి.

ఇక కృతజ్ఞతలు. ఏ ప్రమాదమూ ఉండదనుకునే ఈ భాగంలోనే గుట్టు తరచుగా బయటపడుతుంది. "వంతెనలు ఎలా కూలుతాయో వివరించిన ఇంజనీరు గారికి ధన్యవాదాలు" అంటే కథ అయిపోయినట్టే. "నిర్మాణం గురించి నా సందేహాలు తీర్చిన ఇంజనీరు గారికి" అంటే సరిపోతుంది. పుస్తకాన్ని పరిచయం చేసే వక్తకు కూడా "దయచేసి 30వ పేజీ దాటి చెప్పకండి" అని ముందే ఫోన్ చేసి చెప్పాలి. రచయిత ఎంత జాగ్రత్తపడినా, అభిమానంతో మొత్తం కథ చెప్పేసే వక్త ఒక్కరుంటే చాలు. అడగడానికి మొహమాటపడక్కర్లేదు, ముందే అడిగితే ఎవరూ కాదనరు.

ప్రసంగం సిద్ధమయ్యాక నవల చదవని ఒకరికి దాన్ని వినిపించాలి. చదివినవాళ్లు దీనికి పనికిరారు, వాళ్లకు ఏది బయటపడిందో తెలియదు. విన్న మనిషిని "తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని అడగాలి. తండ్రి ఏదో దాస్తున్నాడన్నారంటే, ప్రసంగంలో ఏ మాట అలా అనిపించిందో వాళ్లనే అడిగి దాన్ని తీసేయాలి. ఏమీ ఊహించలేక, తెలుసుకోవాలని కూడా అనిపించలేదంటే మరీ తక్కువ చెప్పినట్టు. 30వ పేజీలోపు నుంచి ఇంకో విషయం చేర్చాలి. "మరి ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తుందా?" అని ఎదురు ప్రశ్న వేస్తే ఆ ప్రసంగాన్ని ఇక ముట్టుకోవద్దు.