చివరి సున్నా విలువలో ఉండదు, ఫార్మాట్‌లో ఉంటుంది

“స్కాన్ చేసిన పట్టికలో 4.80 అని ఉంటే ఎక్సెల్‌లో 4.8 అయిపోతుంది. సున్నా నిలవాలంటే ముందు అపాస్ట్రఫీ పెట్టి టెక్స్ట్‌గా ఎక్కించడమొక్కటే దారి. లెక్కలకేమీ ఇబ్బంది ఉండదు, కూడితే వస్తాయి. అదీ వద్దంటే కాలమ్ మొత్తానికి రెండు దశాంశాలు పెట్టేయండి.”

తరచూ వినిపించే ఈ సలహాలో ముందుగా లెక్కల సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు నష్టం జరిగేది అక్కడే. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల చెరువులో నాలుగు తెల్లవారుజాముల డీవో, అంటే లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ మిల్లీగ్రాములు, కాగితం మీద 5.0, 4.80, 4.5, 4.70 అని ఉన్నాయనుకుందాం. ఒక దశాంశం చూపే మీటరును, రెండు చూపే మీటరును మార్చి మార్చి వాడారు. సున్నాతో ముగిసే మూడింటినీ టెక్స్ట్‌గా ఎక్కిస్తే =AVERAGE(B2:B5) వాటిని పరిగణించకుండా, మిగిలిన ఒక్క 4.5నే సగటుగా చూపిస్తుంది. నిజమైన సగటు 4.75. టెక్స్ట్ గడుల మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపించవచ్చు గానీ, సగటు తప్పని ఫార్ములా ఏ ఎర్రర్‌నూ చూపదు. =B2+B3 అని రాసినప్పుడు మాత్రం అది టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చుకుని కూడుతుంది; ఈ నమ్మకం అక్కడే పుట్టి ఉండాలి. అనుమానం వస్తే =COUNT(B2:B5) వేసి చూడండి: 4 రావలసిన చోట 1 వస్తుంది.

ఇక వేరే దారి లేదన్న మాట నిజం కాదు. గడిలో ఉండే విలువ 4.8 మాత్రమే, దాన్ని ఎన్ని దశాంశాలతో చూపాలన్నది నంబర్ ఫార్మాట్‌గా విడిగా భద్రమవుతుంది. ఫార్మాట్ 0.00 అయితే గడిలో 4.80 అనీ, పైనున్న ఫార్ములా బార్‌లో 4.8 అనీ కనిపిస్తుంది, రెండూ సరైనవే.

కాలమ్ మొత్తానికీ ఒకే ఫార్మాట్ పెడితే 5.0 కాస్తా 5.00 అవుతుంది, అంటే మీటరు కొలవని అంకెను మనమే దానికి అంటగట్టినట్లు. సున్నాను పోగొట్టడం ఎంత తప్పో, లేని సున్నాను చేర్చడమూ అంతే తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఫార్మాట్‌ను గడిగడికీ విడిగా, స్కాన్ నుంచి చదివిన అక్షరాలను సంఖ్యగా మార్చకముందే లెక్కించి పెట్టాలి. మార్చాక కాగితం మీద ఎన్ని దశాంశాలున్నాయో ఆ విలువను బట్టి తెలుసుకోలేము. పైథాన్‌లో openpyxl వాడేవారికి ఇంతే సరిపోతుంది:

```python
d = len(s.partition(".")[2])
c.value = float(s)
c.number_format = "0." + "0"*d if d else "0"
```

ఇక్కడ s అంటే "4.80" లాంటి చదివిన పాఠం, c అంటే గడి. ఒక పరిమితి ఉంది: ఫార్మాట్ .xlsx ఫైలులోనే నిలుస్తుంది. అదే పట్టికను .csvగా దాస్తే ఫైలులో 4.80 అనే పడుతుంది గానీ, దాన్ని మళ్ళీ ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే 4.8 అని కనిపిస్తుంది. .csvగానే పంపక తప్పనప్పుడు దశాంశాల సంఖ్యను పక్కనే మరో కాలమ్‌లో రాసి ఉంచాలి.