గ్యాస్ బండ ఎక్కించరట, ఇత్తడి గంగాళం మాత్రం దర్జాగా ఎక్కింది

ఖాళీ హాల్లో గ్యాస్ బండ పక్కన చాప వేసుకుని కూర్చుని రాస్తున్నా. పదకొండింటికి మా సామాన్ల లారీ బెంగళూరు బయల్దేరింది. "బండ ఎక్కించం మేడం, దారిలో ఏమన్నా అయితే మా మీదకొస్తుంది" అన్నాడు ప్యాకర్స్ కుర్రాడు. వాణ్ణి అనేదేముంది, న్యాయమే చెప్పాడు. నా మంటంతా మా ఆయన మీద.

రెండు నెలల క్రితమే, బయల్దేరే రోజు నుంచి వెనక్కి లెక్కేసి, ఏ వారం ఏం చెయ్యాలో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఎనిమిదో వారం: ఓనరు గారికి నోటీసు, బైకు కాగితాలు, పిల్లాడి టీసీ కోసం స్కూల్లో మాట. నాలుగో వారం: ప్యాకర్స్‌ని ఇంటికి పిలిచి సామాను చూపించడం. ఫోన్లో రేటు ఒప్పుకుంటే దింపేటప్పుడు "ఇన్ని డబ్బాలని చెప్పలేదు కదా" అని ఇంకో రేటు మొదలవుతుందని మనందరికీ తెలుసు. ఆఖరి వారం: అట్టపెట్టెలు. ఎదుటివాళ్ళ సంతకం కావాల్సిన పనులు ముందు, మన చేతిలో ఉన్న పనులు చివర. ఇంతే కదా?

ఆయన ఎనిమిదో వారం మొదటి ఆదివారమే బబుల్ ర్యాప్ చుట్ట, పది టేపులు తెచ్చి కూర్చున్నారు. టేపు చర్రుమని లాగితే షిఫ్టింగ్ అయిపోతున్నట్టే ఉంటుంది మరి! ఆఫీసు గుమ్మం ఎక్కితే ఆ సుఖం ఎక్కడిది. మొదట ప్యాక్ చేసింది ఏంటో తెలుసా, ఇండక్షన్ స్టవ్. "ఇది వాడటం లేదుగా" అని.

దాన్ని వేరే ఊరికి వెళ్ళేవాళ్ళు చివరి రోజులకి దాచుకుంటారు మహానుభావా. అప్పుడు రెండో వారంలోనే సిలిండర్లు, రెగ్యులేటర్, గ్యాస్ బుక్కు తీసుకెళ్ళి ఏజెన్సీలో అప్పగించొచ్చు. డిపాజిట్ వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచర్ అని ఒక కాగితం ఇస్తారు. అక్కడి ఏజెన్సీలో అది చూపించి, వాళ్ళ డిపాజిట్ కడితే కనెక్షన్ వస్తుంది. మా స్టవ్ ఏ డబ్బా అడుగున ఉందో ఎవరికీ తెలీదు, డబ్బాల మీద 'మిగతావి' అని రాశారు. పదిహేడు డబ్బాల మీద 'మిగతావి'! కాబట్టి నిన్న రాత్రి దాకా బండ మీదే వంట, ఇవాళ ఆదివారం, ఏజెన్సీకి తాళం.

బైకు కథ ఇంకా అందం. లారీ ఎక్కింది, దాని కాగితం ఎక్కలేదు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి వాడాలంటే అక్కడి నంబరుకి మార్చుకోవాలి, దానికి ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే ఫారం 28, కావాలి. లోను 2021లోనే తీరిపోయింది. కానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. అది తీయించడానికి ఫారం 35, దాని మీద బ్యాంకు సంతకం. అప్పట్లో బ్యాంకు ఇచ్చిన క్లియరెన్సు ఉత్తరం బీరువాలో పండుకుంది, గడువు తీరి పసుపు పట్టింది. మళ్ళీ బ్యాంకు, మళ్ళీ ఉత్తరం, కట్టని చలాన్లుంటే అవీ కట్టి, ఆ తర్వాత ఆర్టీఓ. ఎనిమిది వారాలు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా? "ఒక్కరోజు పని" అన్నారు నెలన్నర పాటు.

ఇంకా గంగాళం గురించి చెప్పలేదు. అది మా ఆడపడుచుది. 2014లో "రెండు నెలలు ఉంచు వదినా" అని కాకినాడలో పెట్టి వెళ్ళింది. కాకినాడ నుంచి కర్నూలు, అక్కణ్ణుంచి విజయవాడ, ఇప్పుడు బెంగళూరు. పెళ్ళిలో వంద మందికి నీళ్ళు కాగబెట్టేంత గంగాళం, మేము ముగ్గురం. లారీలో అది పట్టినంత చోటుకి నా కుట్టుమిషను పట్టేది. "పాతదేగా, అమ్మేద్దాం" అని దాన్ని పోయిన నెల పన్నెండొందలకి ఇచ్చేశారు. నా పెళ్ళికి మా నాన్న కొన్న మిషను. గంగాళానికి మాత్రం ఎనిమిదో వారంలోనే మూడు వరసల బబుల్ ర్యాప్, పైన నా మంచి దుప్పటి. దాని డబ్బా మీద 'మిగతావి' అని లేదు, పేరు పెట్టి రాశారు, 'జాగ్రత్త' అని కూడా.

ఓనరు గారు తాళాల కోసం రెండుసార్లు తొంగిచూశారు. రేపు ఏజెన్సీ తెరిచేదాకా ఈయన ఇక్కడే ఉంటారట, నేనూ పిల్లాడూ రాత్రి బస్సుకి. ఇందాకే ఆడపడుచు ఫోన్ చేసింది.

"గంగాళం సొట్టపడకుండా ఎక్కించారు కదా వదినా?"